తేనె సీసా మీద రంగు ఎవరిది? మన పోల్ గురించి నాలుగు మాటలు

ఇది కొంచెం పెద్ద పోస్టు. మెస్‌లో లైన్ పొడుగ్గా ఉన్నప్పుడు చదవండి.

మా కాలనీ మహిళా సంఘం తేనెకి కొత్త లేబుల్ చెయ్యాలని మన గ్రూపులో మూడు డిజైన్లు పెట్టి పోల్ పెట్టారు కదా. "ఏ రంగు నచ్చింది? ఎ, బి, సి." నిన్న రాత్రికి బి ముందు ఉంది. నేను మాత్రం ఓటెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని ఇద్దరన్నలు పర్సనల్‌గా అడిగినారు, "నీ అమ్మ సంఘమే కదరా" అని. అమ్మ సంఘం కాబట్టే వెయ్యలేదు. ఆ పోల్‌లో అడిగిన ప్రశ్నే తప్పని నా అభిప్రాయం. మనకు ఏ రంగు నచ్చిందో తెలుసుకుంటే తేనె అమ్ముడుపోదు. కొనే మనిషి కంటికి ఆ రంగు ఏం చేస్తుందో, ఆ మనిషి మనసులో దేన్ని గుర్తు చేస్తుందో తెలియాలి. అది ఓట్లతో తేలదు.

ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. పోయినేడు నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది.

పోయినేడు మొదటి లేబుల్ రంగులు నిర్ణయించింది నేనే. ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనొక్కణ్ణే కాబట్టి "నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెయ్" అన్నారు. ఫోన్‌లో కూర్చుని పచ్చటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, దాని మీద ఎర్ర అక్షరాలు పెట్టినా. ఫోన్‌లో భలే మెరిసింది. పచ్చ అంటే అడవి, ఎరుపు అంటే మన తెగువ అని నేనే అర్థాలు కూడా చెప్పేసినా. నాలుగు రూపాయల లెక్కన 500 స్టిక్కర్లు, రెండు వేలు. అది సంఘం పొదుపు డబ్బు.

స్టిక్కర్లు హాస్టల్‌కి తెచ్చి మా రూమ్ అన్నకి చూపించినా. ఆయన సీసా తిప్పి తిప్పి చూసి, "బొమ్మ బాగుంది, పేరు ఇంకా రాయలేదా?" అన్నాడు. నేను నవ్వినా, ఎగతాళి చేస్తున్నాడనుకున్నా. పేరు అంత పెద్ద అక్షరాల్లో ఉంది కదా! ఆయన నవ్వలేదు. అప్పుడు చెప్పినాడు, ఒక ఉద్యోగానికి అన్నీ పాసై మెడికల్‌లో చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోయిన సంగతి. రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే పుస్తకం అది, ఇషిహారా అనే జపాన్ డాక్టర్ 1917లో తయారు చేసింది. మా అన్నకి ఎరుపూ పచ్చా వేరు వేరుగా తెలియవు. రెండేళ్ళు పక్క మంచం మీద పడుకున్నా, నాకా విషయం తెలీదు.

సరే, ఆయనకి కళ్ళ సమస్య, మిగతా వాళ్ళకి బాగానే కనపడుతుంది అనుకుని ఊరుకున్నా. తిరుపతిలో ఒక అంగట్లో ఇరవై సీసాలు పెట్టించినాం. రెండు వారాల తర్వాత పోతే పద్దెనిమిది అట్లే ఉన్నాయి. అంగడాయన ఒకటే మాట అన్నాడు: "సాయంత్రం లైటేస్తే మీ సీసా మీద ఏం రాసుందో నాకే కనపళ్ళేదు నాయనా." ఆయన కళ్ళకి ఏ జబ్బూ లేదు.

ఎందుకట్లా జరిగిందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. తెలిసినాక చాలా చిన్న విషయం అనిపించింది. అక్షరం చదవడానికి మన కంటికి ముఖ్యంగా కావాల్సింది రంగుల తేడా కాదు, వెలుతురు తేడా. ఒకటి లేతగా, ఒకటి ముదురుగా ఉండాలి. ఎరుపూ పచ్చా రంగులుగా పూర్తిగా వేరు, కానీ ఎంత వెలుతురు తిరిగి పంపుతాయన్న లెక్కలో దాదాపు ఒకటే. అందుకే పగటి ఎండలో కళ్ళు జిల్లుమనేటట్టు కనపడి, దీపం వెలుగులో రెండూ ఒకే మసక ముద్ద అయిపోతాయి.

దీనికి కొలత కూడా ఉంది. వెబ్‌సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని డబ్ల్యూ3సీ అనే సంస్థ పెట్టిన నియమాల్లో ఉంటుంది. రెండు రంగుల వెలుతురు విలువలు తీసుకుని ఇట్లా భాగిస్తారు:

```
(L1 + 0.05) / (L2 + 0.05)
```

L1 లేత రంగుది, L2 ముదురు రంగుది. తెలుపు విలువ 1, నలుపు విలువ 0. కాబట్టి తెలుపు మీద నలుపు పెడితే 21 వస్తుంది, అంతకంటే ఎక్కువ రాదు. ఒకే రంగు మీద అదే రంగు పెడితే 1. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3 అయినా చాలు అంటారు. ఇది స్క్రీన్ కోసం పెట్టిన లెక్క, కాగితానికి అచ్చంగా సరిపోదు. కానీ స్క్రీన్ మీదే తప్పినది కాగితం మీద బాగుపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. నెట్‌లో కాంట్రాస్ట్ చెకర్ అని కొడితే రెండు రంగుల కోడ్లు వేసే పేజీలు వస్తాయి, లెక్క అదే చేసి పెడుతుంది.

నా లేబుల్‌లో పచ్చ `#008000`, ఎరుపు `#FF0000`. లెక్కిస్తే 1.3 కూడా రాలేదు. 4.5 కావాల్సిన చోట 1.3. రెండు వేలు అక్కడ పోయినాయి.

ఇంటర్నెట్ లేకున్నా ఇంకో దారి ఉంది, రెండు రూపాయల దారి. లేబుల్ ప్రింట్ తీసి దాన్ని నలుపు తెలుపు జిరాక్స్ తియ్యండి. జిరాక్స్‌లో పేరు కనపడకపోతే, అంగట్లో కూడా సగం మందికి కనపడదు. ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేసినా అంతే. నేను పాత లేబుల్ జిరాక్స్ తీస్తే ఒక బూడిద రంగు దీర్ఘచతురస్రం వచ్చింది. పేరు యాడుందో నేనే వెతుక్కున్నా.

మా రూమ్ అన్న లాంటి వాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎరుపు-పచ్చ తేడా తెలియకపోవడం ఎక్కువగా మగవాళ్ళలో ఉంటుంది. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌లు, ఒకటి పాడైనా ఇంకొకటి కాపాడుతుంది. మగవాళ్ళకి ఉన్నది ఒకటే. వాళ్ళు చెప్పుకోరు, చాలామందికి తమకి ఉందని కూడా తెలీదు. వాళ్ళ కోసం వేరే లేబుల్ అక్కర్లేదు, లేత-ముదురు తేడా సరిగ్గా ఉంటే వాళ్ళకీ పేరు కనపడుతుంది. ఇంకొకటి, ముఖ్యమైన విషయం ఏదైనా రంగు ఒక్కదానితోనే చెప్పకూడదు, ఆకారం కూడా తోడుండాలి.

తినే సరుకు ప్యాకెట్ల మీద గుర్తు చూడండి. శాకాహారానికి పచ్చ చదరంలో పచ్చ చుక్క. మాంసాహారానికి ముందు గోధుమ రంగు చదరంలో గోధుమ రంగు చుక్క ఉండేది. రెండూ చుక్కలే, తేడా రంగులోనే. మా రూమ్ అన్నకి ఆ రెండూ ఒకటే. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారం గుర్తుని త్రికోణం చేసింది. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం చూసి చెప్పొచ్చు. దేశం మొత్తానికి గుర్తు పెట్టేవాళ్ళే ఆకారం మార్చుకున్నారు, మనం మార్చుకోలేమా? (మన తేనెకి పచ్చ చుక్కే వస్తుంది. తేనెని మాంసాహారం లెక్కలోంచి మినహాయించినారు. కొందరు అడిగినారు కాబట్టి చెప్తున్నా.)

ఇప్పుడు మన పోల్ సంగతి. బి డిజైన్, అదే ముందున్నది: పసుపు మీద తెల్ల అక్షరాలు. కోడ్ అడిగి తీసుకున్నా, `#FFC107`. దాని మీద తెలుపు 1.6. నా తప్పుకి, దీనికి పెద్ద తేడా లేదు. పసుపు మన కంటికి చాలా వెలుతురుగా కనపడే రంగు, దాని మీద తెలుపు నిలవదు. అదే పసుపు మీద నలుపు పెడితే 12 దాటుతుంది. అంటే రంగుది తప్పు కాదు, జోడీది తప్పు. పోల్‌లో ఒక్కరు కూడా "చదవడానికి కనపడుతుందా" అని కామెంట్ పెట్టలేదు. "కలర్ సూపర్ అన్నా" అని పద్నాలుగు మంది పెట్టినారు.

ఎ డిజైన్: పచ్చ మీద తెల్ల అక్షరాలు, కింద నీలం పట్టీ. ఇది చదవడానికి బాగానే ఉంది, తెలుపూ పచ్చా 5.1 వస్తుంది. చేసిన తమ్ముడు అర్థం కూడా రాసినాడు: పచ్చ అంటే అడవి, నీలం అంటే స్వర్ణముఖి, తెలుపు అంటే స్వచ్ఛత. చదవగానే బాగుంది. కానీ ఆ మూడు రంగులూ పక్కపక్కన పెట్టి చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ పల్లెలో అయినా చూపించండి. "అడవి, ఏరు, స్వచ్ఛత" అని ఒక్కరన్నా అంటారా? "ఇది ఫలానా పార్టీ వాళ్ళ తేనెనా?" అంటారు. బి డిజైన్ పసుపు చూపిస్తే "ఓహో, వీళ్ళు అవతలి పార్టీ" అంటారు. 1982 నుంచి ఈ రాష్ట్రంలో జెండా మీది పసుపు అంటే తెలుగుదేశం. నీలం, తెలుపు, పచ్చ కలిస్తే వైఎస్సార్‌సీపీ. మనం ఎవరమైనా, మనకు ఏ ఉద్దేశం లేకపోయినా, చూసే కంట్లో ఆ జెండా ముందే ఉంది.

ఇది నేను ఊహించి చెప్తున్న మాట కాదు. మన రాష్ట్రంలో రంగుల అర్థం మీద సుప్రీంకోర్టు దాకా పోయినారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మనం అప్పుడు స్కూల్లో ఉన్నాం. పంచాయతీ ఆఫీసులకి అధికార పార్టీ జెండా రంగులు పోలిన రంగులు వేసినారని హైకోర్టుకి పోతే, 2020 మార్చి 10న కోర్టు అవి తీసెయ్యమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోయింది, అదే నెలలో అక్కడా కుదర్లేదు. అప్పుడు ఏప్రిల్‌లో జీవో 623 ఇచ్చినారు. పాత రంగులు ఉంటాయి, వాటికి ఎర్రమట్టి రంగు ఒకటి కలుస్తుంది. ప్రతి రంగుకీ ఒక అర్థం: ఎర్రమట్టి అంటే నేల, పచ్చ అంటే పంట, నీలం అంటే ఆక్వా, తెలుపు అంటే పాడి. మే 22న హైకోర్టు ఆ జీవోని కూడా కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు అదే తీర్పుని నిలబెట్టి, నాలుగు వారాల్లో రంగులు మార్చమంది.

నాది ఏ పార్టీ అని కామెంట్లలో అడగొద్దు, ఈ పోస్టు అందుకు కాదు. రేపు ఇంకో పార్టీ వాళ్ళు ఇంకో రంగుతో చేసినా నేను ఇదే రాస్తా. నాకు ఇందులో పట్టుకున్న విషయం వేరే. నేల, పంట, నీళ్ళు, పాడి. ఆ అర్థాల్లో తప్పేముంది? విడివిడిగా ఒక్కటీ తప్పు కాదు. మన తమ్ముడు అడవి, స్వర్ణముఖి అన్నట్టే ఉన్నాయి. కానీ రంగు వేసినవాళ్ళు కాగితం మీద రాసుకున్న అర్థం గోడ దగ్గర నిలబడిన మనిషికి చేరలేదు. ఆయన జెండానే చూసినాడు. నాలుగో రంగు చేర్చినా పాత మూడింటి గుర్తు పోలేదు. అర్థం రాసుకోవడం మన చేతిలో ఉంది. గుర్తు రావడం మన చేతిలో లేదు. పోయినేడు నేను "ఎరుపు అంటే తెగువ" అని రాసుకున్నప్పుడు కూడా ఇదే జరిగింది. ఎవరూ తెగువ చూడలేదు, కొందరు మిరపకాయ పచ్చడి అనుకున్నారు.

పంచాయతీ ఆఫీసుకి కనీసం కోర్టు ఉంది. మన అమ్మలకి ఏముంది? పల్లెల్లో ఒక పార్టీ వాళ్ళ సరుకు అని పేరు పడితే రెండో పార్టీ వాళ్ళ అంగట్లో పెట్టనివ్వరు. ప్రభుత్వం మారితే స్టాల్ పీకించినా అడిగేవాళ్ళు ఉండరు. యానాది కాలనీకి అట్లాంటి తలనొప్పి ఒకటి కొత్తగా కావాలా?

పచ్చ గురించి ఇంకొక మాట. "మనం ఆదివాసీలం, మనకి పచ్చే" అని చాలామంది రాసినారు. పచ్చ అంటే మంచిది, సహజమైనది అని అందరూ ఎప్పుడూ అనుకుంటారా? మన కాలనీలో కూలికి పోయే ఏ అక్కనైనా అడగండి, పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో ఒక రంగు. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, అందరికంటే తక్కువది పచ్చ. తక్కువే కానీ అదీ విషమే. మా నాయన చాలా ఏళ్ళు పచ్చ గుర్తుంటే "ఇది మంచి మందు, ఏం కాదు" అనుకుని చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా అన్నం తిన్నాడు. ఆయనకి కింద రాసిన అక్షరాలు రావు. పచ్చకి ఆయనకి తెలిసిన అర్థం వేరు, డబ్బా చేసినవాళ్ళు పెట్టుకున్న అర్థం వేరు. ఒకే రంగు తేనె సీసా మీద ఒకటి చెప్తుంది, మందు డబ్బా మీద ఇంకొకటి చెప్తుంది. రంగుకి సొంతంగా అర్థం ఉండదు, అది దేని మీద ఉంది, పక్కన ఏముంది అన్నదాన్ని బట్టి వస్తుంది.

పైగా ఆర్గానిక్ అని రాసుకున్న ప్రతి సరుకూ ఇప్పుడు పచ్చగానే ఉంది. అరలో పది పచ్చ సీసాల మధ్య పదకొండో పచ్చ సీసా మనది అయితే, పట్నం ఆమె చెయ్యి మన సీసా దాకా ఎందుకొస్తుంది? అదీ కాక, మనం పచ్చ అని ఎవరు చెప్పినారు? బయటోళ్ళు మనల్ని చూసి అడవి అనుకుంటారు, మనం దాన్నే తీసి మన మీద వేసుకుంటున్నాం. మా అవ్వ తేనె గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ పచ్చ అనలేదు. పొగ, పట్టు, ముదురు ఎరుపు తేనె, లేత తేనె, ఇవే చెప్పేది.

సి డిజైన్ నలుపు మీద బంగారు రంగు. ఇది చూసి నేనూ మొదట బాగుందనుకున్నా, నిజం. లెక్కలో 10 వస్తుంది, ఏ వెలుతురులో అయినా చదవొచ్చు. పట్నంలో ఖరీదైన సరుకులు ఇట్లాగే ఉంటాయి. కానీ రెండు చిక్కులు. ఒకటి, ఫోన్‌లో కనపడే బంగారం ప్రింట్‌లో రాదు. మామూలు డిజిటల్ ప్రింట్‌లో నాలుగు సిరాలే ఉంటాయి, వాటితో మెరుపు రాదు, పేడ రంగుకి దగ్గరగా వస్తుంది. మెరుపు కావాలంటే ఫాయిల్ వెయ్యాలి, ఖర్చు పెరుగుతుంది. రెండు, నేను దీన్ని ప్రింట్ తీసి అమ్మకి చూపిస్తే ఆమె చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఇదేందిరా, చచ్చిపోయినోళ్ళ ఫ్లెక్సీ మాదిరి ఉండాది. దేవుడి దగ్గర అభిషేకానికి తేనె వాడతారు, దీన్ని ఎట్టా పెడతారు?" అనింది. నాకు నోరు పడిపోయింది. మన దగ్గర తేనె ఎవరు, ఎందుకు కొంటారు? పసిబిడ్డకి నాకించడానికని, మందులో కలపడానికని, గుడిలో పంచామృతానికని కొంటారు. (ఏడాది లోపు బిడ్డకి తేనె పెట్టొద్దని డాక్టర్లు చెప్తారు, లేబుల్ మీద ఆ మాట కూడా రాయాలి. అది వేరే పోస్టు.) పెళ్ళి పత్రికకి నాలుగు మూలలా పసుపు అద్దే ఊళ్ళో, గుడికి పోయే సరుకుని నల్లగా చుడితే ముందు ఆడవాళ్ళే పక్కన పెడతారు. పట్నం కాఫీ పొడికి నలుపు సరిపోవచ్చు.

ఇక మన లోపలి గొడవ. సుగాలి తండాల నుంచి వచ్చిన అక్కలు "ఎర్ర బట్ట, అద్దాలు, దారాల పని పెడదాం, అందంగా ఉంటుంది" అన్నారు. అందంగా ఉంటుంది, నేనూ ఒప్పుకుంటా. కానీ తేనె పట్టినవాళ్ళు యానాదులు. యానాదుల తేనె మీద సుగాలి కుట్టుపని వేస్తే, చూసేవాళ్ళకి రెండూ ఒకటే అనిపిస్తుంది. బయటోళ్ళు మనందరినీ ఒకే ముద్ద చేస్తారని మనమే కదా మొత్తుకునేది. రేపు తండా అక్కలు తమ కుట్టుపని సంచులు అమ్మేటప్పుడు ఆ ఎరుపు, ఆ అద్దాలు వాళ్ళవి. ఎరుకల అన్నలు బుట్టలు అమ్మేటప్పుడు వాళ్ళ రంగు ఏదో వాళ్ళ పెద్దవాళ్ళని అడగాలి. ఒకళ్ళ రంగు ఇంకొకళ్ళు అరువు తెచ్చుకోవద్దు.

పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళని చూస్తే నాకు ఇదే అనిపిస్తుంది. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళల్లో నానబెట్టి కసిమి చేస్తారు, నీలానికి నీలిమందు వాడతారు. దేవుడికి నీలం, రాక్షసుడికి ఎరుపో పచ్చో, ఇట్లా రంగు చూసి బొమ్మ ఎవరిదో చెప్పే పద్ధతి ఉంది. వేసే ఆయనకి ఆ రోజు ఏ రంగు మీద మనసు పడిందన్నది అక్కడ లెక్కలోకి రాదు. అక్షరం రాని మనిషి కూడా గుడ్డ చూసి కథ చెప్పుకోవాలి కదా.

మా అమ్మకి కూడా అక్షరాలు రావు. సబ్బుని "ఎర్ర సబ్బు" అంటుంది, పాలని ప్యాకెట్ రంగుతో అడుగుతుంది, మాత్రలని రంగుతో గుర్తు పెట్టుకుంటుంది. "రంగు చూసి చెప్తా గానీ అచ్చరం చూసి నేను యాడ చెప్పేదిరా" అంటుంది. మనకి రంగు అలంకారం. ఆమెకి రంగే పేరు. తన చేతులతో పట్టిన తేనె సీసాని సంతలో పది సీసాల మధ్య ఆమె తనే గుర్తుపట్టగలగాలి. నేను ఇన్ని లెక్కలు వేసినా చివరికి ఈ పరీక్ష ఒకటి పాస్ కాకపోతే ఆ లేబుల్ నాకు వద్దు.

విమర్శ చేసి ఊరుకోకుండా నేనూ ఒకటి చేసినా. ముందు సీసాని చూసినా, లేబుల్‌ని కాదు. మన తేనె ముదురు ఎరుపు గోధుమ. దాని మీద గోధుమ, నారింజ, ముదురు పచ్చ ఏది అంటించినా సీసాలో కలిసిపోతుంది. లేత మీగడ రంగు కాగితం అంటిస్తే తేనె నుంచి విడిగా నిలబడింది, తేనె రంగు కూడా ఇంకా చిక్కగా కనపడింది. దాని మీద అక్షరాలు ముదురు కుంకుమ రంగు. కోడ్లు `#FFF8E1`, `#800000`. లెక్కలో 10 దాటింది. కుంకుమ రంగు గుడికీ ఇంటికీ ఇబ్బంది లేదు, ఏ జెండాకీ చెందదు. ఎర్ర జెండా గుర్తొస్తుందా అని ఒక కామ్రేడ్ అన్న అడిగినాడు. పండు ఎరుపు అయితే వస్తుంది, ఇంత ముదురైతే రాదని ఊళ్ళో చూపించిన వాళ్ళ మాట. రంగుతో పాటు ఆకారం కూడా ఉండాలన్నా కదా, మూత మీద తేనెపట్టు గడి, ఆరు మూలలది, ఒక్కటే పెద్దగా. మా రూమ్ అన్న పేరూ చదివినాడు, గడీ చూపించినాడు.

జిరాక్స్ తీసినా, పేరు నల్లగా నిలబడింది. సాయంత్రం అంగట్లో బల్బు కింద పెట్టి ఆరడుగుల దూరం నుంచి చూసినా. ఒక ప్రింట్ మా హాస్టల్ కిటికీకి ఎండ తగిలే వైపు అతికించినా, వాడిపోతుందేమో చూద్దామని. రోడ్డు పక్క పాత ఫ్లెక్సీలు చూడండి, కొన్నాళ్ళకి మనుషులంతా నీలంగా అయిపోయి ఉంటారు. ఎరుపు, పసుపు సిరాలు ఎండకి ముందు పోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. కుంకుమ రంగుకి ఆ భయం ఉంది. నెల రోజులకి నాది కొంచెం గోధుమకి తిరిగింది, అక్షరం మాత్రం చదవడానికి వస్తోంది. కాబట్టి బయట కట్టే బ్యానర్‌కి ఈ రంగు నేను చెప్పను, నీడలో ఉండే సీసాకి చెప్తా. బ్యానర్ మీద అక్షరాలు నల్లగానే కొట్టిద్దాం.

ఇష్టానికి అసలు చోటే లేదా అని అడుగుతారు. ఉంది. చదవడానికి వచ్చేవి, ఎవరి జెండా కానివి, మన పెద్దవాళ్ళు పక్కన పెట్టనివి రెండు మూడు మిగిలినాక, వాటిలో ఏది అని పోల్ పెట్టండి, నేనూ ఓటేస్తా. నాకు నీలిమందు నీలం కూడా ఇష్టమే, మీగడ రంగు మీద బాగా నిలుస్తుంది. తినే సరుకుకి నీలం ఏందని మా అమ్మ అంటుంది కానీ, వేరే కాలనీల అమ్మలు ఏమంటారో నాకు తెలీదు.

అందుకని అడ్మిన్ అన్నకి ఒక మనవి. ఇప్పుడున్న పోల్ ఆపెయ్యండి. ఎ, బి, సి మూడూ, నాది ఒకటి, నాలుగూ సీసాలకి అంటించి ఈ ఆదివారం నేను కాలనీకి తీసుకుపోతా. సంఘంలో పదకొండు మంది ఉన్నారు, నలుగురికి చదువొచ్చు. ముందు చదువు రాని ఏడుగురికి చూపిస్తా. "ఏది బాగుంది" అని అడగను. "ఇది చూస్తే ఏం గుర్తొస్తుంది, దీన్ని సంతలో ఎట్లా అడుగుతావు" అని అడుగుతా. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి సోమవారం రాత్రి ఇక్కడ పెడతా. నాది కూడా తప్పిపోతే అదీ రాస్తా. తిరుపతిలో ఉన్నోళ్ళు ఎవరైనా తోడొస్తారా? పొద్దున ఏడున్నర బస్సు, టిఫిన్ మా ఇంట్లో.